‘ఊరికే అన్నా’, ‘సరే చూస్తా’: మాటకారీ మితభాషీ ఒకే ప్రాజెక్ట్‌లో పడితే ఏం చేయాలి

ముందు మా గొడవ చెప్తాను, ఎందుకంటే కింద రాసిన పద్ధతులన్నీ దాంట్లోంచి వచ్చినవే.

అమెరికాలోని ఒక ఇన్సూరెన్స్ క్లయింట్. వాళ్ల పాత సిస్టమ్‌లో ఉన్న క్లెయిమ్‌ల డేటా అంతా కొత్త సిస్టమ్‌లోకి మార్చాలి. పదకొండు వారాల పని, మనుషులం ఇద్దరం. డేటా మార్చే స్క్రిప్టులు నావి. క్లయింట్‌తో మాట్లాడి రూల్స్ రాబట్టడం, టెస్టింగ్ చూసుకోవడం ఇంకొకాయన పని. నాకంటే నాలుగేళ్లు సీనియర్, నేను అన్నా అంటాను, ఆయన నన్ను సరదాకి మేడమ్ అంటాడు. నేను ఇంట్రోవర్ట్, అంటే మనుషులంటే భయమని కాదు, నలుగురిలో రెండు గంటలు గడిపితే గంటసేపు ఎవరూ పలకరించకుండా ఉండాలనిపించే రకం. అన్న దానికి పూర్తిగా రివర్స్. ఏ సమస్య వచ్చినా ముందు ఎవరో ఒకరి డెస్క్ దగ్గరికి వెళ్లి నిలబడతాడు.

మూడో వారంలో ఒక కాల్‌లో అన్న అన్నాడు, "నెల రోజులు రెండు సిస్టమ్‌లూ పక్కపక్కన నడిపి, రోజూ రెండింటి లెక్కలూ సరిచూసుకుందాం." క్లయింట్ వైపు వాళ్లు తలూపారు. నేను అది ఖాయమైందనుకుని, రెండు వైపులా మొత్తాలు పోల్చే స్క్రిప్టు రాయడానికి నాలుగు రోజులు కూర్చున్నాను. అయిదో రోజు చూపిస్తే, "అయ్యో, అది నేను ఊరికే అన్నా కదా, వాళ్ల దగ్గర అంత సర్వర్ కెపాసిటీ లేదట" అన్నాడు, నవ్వుతూనే. నా మొహం ఎలా ఉందో నాకు తెలియదు కానీ ఆ రోజంతా నేను ఆయనతో ఒక్క మాట కూడా మాట్లాడలేదు, ఆయనకి ఆ సంగతే తెలియలేదు.

అయిదో వారంలో తిరగబడింది. మీటింగ్‌లో అన్న, "సెప్టెంబర్ చివరి శని ఆదివారాల్లో పాతది ఆపేసి కొత్తదానికి మారిపోదాం, ఓకేనా?" అని అడిగాడు. నాకేదో తేడాగా అనిపించింది, ఏంటో వెంటనే తట్టలేదు. "సరే, చూస్తా" అన్నాను. అన్న ఆ సాయంత్రమే క్లయింట్‌కి తేదీ రాసి పంపేశాడు. రాత్రి పదకొండున్నరకి నాకు వెలిగింది: ఆ వారాంతం అయిన రెండు రోజులకే మూడు నెలల లెక్కలు మూసే బ్యాచ్ నడుస్తుంది, అప్పటికి కొత్త సిస్టమ్‌లో సగం చెల్లించిన క్లెయిమ్‌లు ఇంకా సరిగా రాకపోతే లెక్క మొత్తం తప్పుతుంది. లేచి కూర్చుని పద్నాలుగు పాయింట్లతో మెయిల్ రాసి, మేనేజర్‌ని కాపీలో పెట్టి పంపాను. నాకైతే అది బాధ్యత. అన్నకి అది వెన్నుపోటు. పొద్దున్న వచ్చి, "మీటింగ్‌లో సరే అని, రాత్రి పైవాళ్లకి రాస్తారా మేడమ్?" అన్నాడు. ఈసారి సరదాకి కాదు, నిజంగానే "మేడమ్" అన్నాడు.

అసలు తేడా ఎక్కడుందో ఆ తర్వాత రెండు వారాలకి అర్థమైంది. ఎక్కువ మాట్లాడటం, తక్కువ మాట్లాడటం కాదు సమస్య. అన్నకి మాట చిత్తుప్రతి. నోట్లోంచి బయటికి వచ్చాకే ఆయనకి తన ఆలోచన కనిపిస్తుంది, నచ్చకపోతే కొట్టేస్తాడు. నాకు మాట ఫెయిర్ కాపీ. కొట్టివేతలన్నీ లోపలే అయిపోయాక బయటికి వస్తుంది. అందుకని ఆయన చిత్తుని నేను ఫెయిర్‌గా చదివాను, నా మౌనాన్ని ఆయన అంగీకారంగా చదివాడు. ఇద్దరం ఎవరి లెక్క ప్రకారం వాళ్లం కరెక్టే.

ఇక ఏం చేయాలో చూద్దాం. ఇద్దరిలో ఎవరైనా మొదలుపెట్టొచ్చు, టీమ్ లీడ్ కూడా మొదలుపెట్టించొచ్చు.

మొదటి మెట్టు: ఇది నిజంగా ఆ గొడవేనా?

ఇంట్రోవర్ట్, ఎక్స్‌ట్రోవర్ట్ అనే మాటల్ని 1921లో కార్ల్ యూంగ్ ప్రచారంలోకి తెచ్చాడు. ఆయన తర్వాత వచ్చిన పరిశోధకులు దీన్ని రెండు గదులుగా కాకుండా ఒక గీతగా చూస్తారు, ఎక్కువమంది ఆ గీత మధ్యలో ఎక్కడో ఉంటారు. కాబట్టి ఆన్‌లైన్‌లో నాలుగక్షరాల టెస్ట్ రాసి, ఆ అక్షరాలు మెడలో వేసుకుని తిరగడం వల్ల ప్రాజెక్ట్‌కి ఒరిగేదేం లేదు. మీకు కావలసింది ఎదుటివాళ్ల జాతకం కాదు, గత నెలలో జరిగిన మూడు సంఘటనలు.

ఒక కాగితం తీసుకుని మూడు నిలువు గడులు గీయండి. మొదటి గడిలో జరిగింది మాత్రమే రాయండి, కెమెరా పెడితే కనిపించేదీ వినిపించేదీ. రెండో గడిలో దానికి మీరు చెప్పుకున్న అర్థం. మూడో గడి ఖాళీగా వదిలేయండి, అది ఎదుటివాళ్లు నింపాలి. మొదటి గడిలో "నన్ను పట్టించుకోలేదు" అని రాశారంటే తప్పు రాసినట్టే, అది రెండో గడికి చెందిన మాట. "నేను మాట్లాడుతుండగా మూడుసార్లు మధ్యలో అందుకున్నాడు" అనేది మొదటి గడి. చెప్పడానికి తేలికే కానీ నాకు మొదటిసారి ఈ కాగితం మీద నలభై నిమిషాలు పట్టింది, సగం కొట్టివేతలే.

నా కాగితంలో ఒక వరస ఇది: "శుక్రవారం నా డెస్క్ దగ్గరికి ఆరుసార్లు వచ్చాడు" అని మొదటి గడి, "నా పని మీద నమ్మకం లేదు, చెక్ చేస్తున్నాడు" అని రెండోది. అన్న తర్వాత మూడో గడిలో రాసింది: "క్లయింట్ తిట్టాడు, టెన్షన్‌గా ఉంది, నీ పక్కన నిలబడితే కాస్త ధైర్యం." నేను దాన్ని మూడుసార్లు చదివాను.

మనుషులు ఎదుటివాళ్ల ప్రవర్తనకి పరిస్థితిని వదిలేసి స్వభావాన్నే కారణంగా చూపే ఈ అలవాటుకి 1977లో లీ రాస్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త పేరు పెట్టాడు. నేను లేటైతే ట్రాఫిక్, నువ్వు లేటైతే బద్ధకం, అంతే సంగతి. ఆఫీసులో ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే "వాడంతే" అనేసుకున్నాక అడగాల్సిన అవసరం కనిపించదు.

కాగితం రాశాక ఒక పరీక్ష చేయండి. గొడవలన్నీ "చెప్పింది ఒకటి, విన్నది ఒకటి" తరహావైతే ఈ వ్యాసం మీకు పనికొస్తుంది. అలా కాకుండా ఒకరే పని చేస్తున్నారు ఒకరు తప్పించుకుంటున్నారనో, మీ పనిని తన పేరుతో పంపుకుంటున్నారనో, జూనియర్ అనో ఆడపిల్ల అనో మాట తీసిపారేస్తున్నారనో తేలితే అది స్వభావాల సంగతి కాదు. దానికి "ఆయన ఎక్స్‌ట్రోవర్ట్ కదా" అని పేరు పెట్టి సర్దుకుపోకండి, పైవాళ్లకి తేదీలతో సహా చెప్పండి.

ఇంకొక పొరపాటు మన దగ్గర చాలా మామూలు. క్లయింట్ కాల్‌లో నోరు విప్పని పిల్లవాడు క్యాంటీన్‌లో తెలుగులో గోదారిలా ప్రవహిస్తున్నాడనుకోండి, అతను ఇంట్రోవర్ట్ కాదు, ఇంగ్లీషులో వాక్యం కూర్చుకునే లోపు టాపిక్ మారిపోతోంది. అతనికి కావలసిన సాయం వేరు. నేను ఇలాంటి ఇద్దర్ని ఏడాదిపాటు "సైలెంట్ టైప్" అనుకున్నాను.

రెండో మెట్టు: కూర్చుని మాట్లాడటం, ఇద్దరికీ సగం సగం ఇబ్బందిగా

ఇక్కడే ఎక్కువమంది బోల్తా పడతారు. మాటకారి సడెన్‌గా వచ్చి "పద, టీ తాగుతూ క్లియర్ చేసుకుందాం" అంటాడు. మితభాషికి అది కోర్టు బోనులో నిలబెట్టినట్టుంటుంది, అన్నిటికీ "ఏం లేదు, పర్లేదు" అనేసి వచ్చేస్తుంది. లేదా మితభాషి రెండు పేజీల మెయిల్ రాస్తుంది, మాటకారికి అది చార్జిషీట్‌లా కనిపిస్తుంది. ఇద్దరూ మంచి ఉద్దేశంతోనే చేస్తారు, గొడవ రెట్టింపవుతుంది.

మాకు పనిచేసింది ఇది. ముందురోజు మూడు గడుల కాగితం ఫోటో తీసి అన్నకి పంపాను, పైన ఒకే వాక్యం: "రేపు నాలుగింటికి దీని గురించి మాట్లాడుకుందాం అన్నా, మూడో గడి నువ్వు నింపు, నీ కాగితం కూడా ఒకటి రాసుకురా." రాత అక్కడితో ఆపాను. మర్నాడు మాట్లాడుకున్నది నడుస్తూ, ఆఫీసు వెనక రోడ్డు మీద. ఎదురెదురుగా కూర్చుంటే నాకు ఆయన మొహంలో ప్రతి మార్పూ చదవాలనిపిస్తుంది, నడుస్తుంటే ఆ బాధ లేదు, ఆయనకేమో కాళ్లు కదులుతుంటే మాట మెత్తబడుతుంది. ముందే రాత పంపడం నా సౌకర్యం, ముగింపు మాటల్లో తేల్చుకోవడం ఆయన సౌకర్యం. గంట అనుకున్నాం, నలభై నిమిషాల్లో అయిపోయింది.

ఆ నడకలో అడగాల్సింది ఒకే ప్రశ్న, సంఘటన సంఘటనకీ: "నువ్వు అలా చేసినప్పుడు నేను ఇలా అనుకున్నాను, అసలు ఏంటి?" సమర్థించుకోవడం మొదలైతే ఆపి తర్వాతి వరసకి వెళ్లిపోండి. అన్ని వరసలూ తేలాల్సిన పని లేదు. మావి ఏడింటిలో అయిదు తేలాయి, రెండు ఇప్పటికీ తేలలేదు.

మూడో మెట్టు: మాటకి ముద్ర

మొత్తం గైడ్‌లో ఒక్కటే చేస్తానంటే ఇది చేయండి. నోటితో అన్నా చాట్‌లో రాసినా, ఆ మాట ఏ స్థితిలో ఉందో చెప్పే ముద్ర ఒకటి ముందు పెట్టాలి. మేం మూడు పెట్టుకున్నాం.

"ఊరికే" అంటే పైకి ఆలోచిస్తున్నా, ఎవరూ దీనికోసం ఒక్క నిమిషం పని చేయొద్దు. "ప్రతిపాదన" అంటే నాకు నచ్చింది, నువ్వు తప్పులు వెతుకు, ఫలానా టైమ్‌లోగా చెప్పు. "ఖాయం" అంటే అయిపోయింది, ట్రాకర్‌లో రాసేశాం, ఇక దీనిమీద పని మొదలుపెట్టొచ్చు. చాట్‌లో ఇవి ఊ, ప్ర, ఖా అయిపోయాయి. అన్న రోజుకి ఇరవై "ఊ"లు పంపేవాడు, నేను వాటిని తీరిగ్గా సాయంత్రం చదివేదాన్ని, ఎందుకంటే చదవకపోయినా నష్టం లేదని తెలుసు. అంతకుముందు ఆ ఇరవై మెసేజ్‌లూ నాకు ఇరవై పనులు.

దీంట్లో కిటుకు "ఖాయం" దగ్గర ఉంది. ట్రాకర్‌లో రాయనిది ఖాయం కాదు. మీటింగ్‌లో పదిమంది తలూపినా కాదు. మొదటి వారం అన్నకి ఇది విసుగొచ్చింది, "ప్రతిదానికీ రాతకోతలా?" అన్నాడు. నిజానికి రాసే భారం ఆయన మీద పెడితే ఈ పద్ధతి మూడు రోజుల్లో చచ్చిపోయేది. రాసే పని నేను తీసుకున్నాను, నాకు రాయడం తేలిక కాబట్టి, ఆయన చేయాల్సిందల్లా చూసి బొటనవేలు గుర్తు పెట్టడం. తేలిక ఎవరికైతే వాళ్లకి ఆ పని, సగం సగం పంచుకోవాలన్న పట్టుదల వద్దు.

పాత గొడవ మీద దీన్ని పెట్టి చూడండి. "ఊరికే: నెల రోజులు రెండూ పక్కపక్కన నడిపితే ఎలా ఉంటుంది?" అని ఉంటే నా నాలుగు రోజులు మిగిలేవి. "సర్వర్ కెపాసిటీ ఉందా?" అని నేను ఒక లైన్ అడిగి ఊరుకునేదాన్ని.

నాలుగో మెట్టు: మౌనానికి గడువు

ముద్ర మాటకారి నేర్చుకోవాల్సింది. ఇది మితభాషి నేర్చుకోవాల్సింది, నాకైతే చాలా కష్టమైంది.

మన "సరే"కి నా లెక్కన అయిదారు అర్థాలున్నాయి. ఒప్పుకున్నా, విన్నా, తర్వాత చూద్దాం, నీ ఇష్టం, ఇక వదిలెయ్, నచ్చలేదు కానీ గొడవెందుకు. గొంతు బట్టి ఇంట్లో అమ్మకి తెలుస్తుంది, కాల్‌లో ఉన్న కొలీగ్‌కి తెలియదు. అందుకని ఆలోచించుకోవడానికి టైమ్ కావాల్సి వచ్చినప్పుడు "సరే" అనే మాటే వాడకూడదని నాకు నేను నియమం పెట్టుకున్నాను. దాని బదులు మూడు ముక్కలున్న ఒక వాక్యం: ఇంకా ఒప్పుకోలేదు, ఎందుకంటే ఇది అనుమానం, ఫలానా గంటకి చెప్తా.

"అన్నా, ఆ తేదీకి నేనింకా ఒప్పుకోలేదు, నెలాఖరు లెక్కలతో తగులుతుందేమోనని అనుమానం, రేపు పదకొండుకి చెప్తా." అంతే. అనుమానం ఏంటో తెలియకపోతే "ఏదో తేడాగా ఉంది, ఏంటో చూడాలి" అన్నా చాలు. కారణం సిద్ధంగా లేకుండా నోరు తెరవకూడదన్న పట్టింపే ఆ రోజు మమ్మల్ని ముంచింది. నా కొట్టివేతలు కొన్ని బయట కనపడనివ్వాలి, అంతకంటే వేరే దారి లేదు.

చెప్పిన గంటకి చెప్పాలి. ఇంకా తేలకపోతే "తేలలేదు, సాయంత్రం అయిదు" అనైనా చెప్పాలి. ఒక్కసారి గడువు దాటి ఊరుకున్నారంటే మాటకారికి మీ మౌనం మళ్లీ అంగీకారమైపోతుంది. మాటకారి వైపు నియమం ఏంటంటే, ఆ గంట వచ్చేదాకా తేదీ క్లయింట్‌కి వెళ్లకూడదు, మధ్యలో "ఏమైంది ఏమైంది" అని అడగకూడదు. గడువు దాటాక జవాబు రాకపోతే ముందుకెళ్లిపోవచ్చు, అప్పుడు మితభాషి నోరెత్తకూడదు. ఈ చివరి ముక్క పెట్టకపోతే మాటకారికి అన్యాయం, పని మొత్తం ఒకరి ఆలోచన వేగానికి కట్టేసినట్టవుతుంది.

అయిదో మెట్టు: మీటింగ్

పది భాషల సంభాషణల్ని కొలిచి 2009లో అచ్చయిన ఒక అధ్యయనంలో, ఒకరి ప్రశ్నకీ ఇంకొకరి జవాబుకీ మధ్య ఖాళీ సగటున సెకనులో అయిదో వంతు అని తేలింది. ఆలోచించుకుని మాట్లాడేవాళ్లకి రెండు మూడు సెకన్లు కావాలి. ఆ లోపు వేరే ఎవరో అందుకుంటారు. కాబట్టి "తను ఎప్పుడూ మాట్లాడదండీ" అనే మీటింగ్‌ల్లో సగం చోట్ల నిజం ఏంటంటే, మాట్లాడే సందే లేదు.

తరగతి గదుల్లో మేరీ బడ్ రోవ్ అనే పరిశోధకురాలు 1970లలో ఇదే చూసింది. టీచర్లు ప్రశ్న అడిగాక సెకను కంటే ఎక్కువ ఆగేవాళ్లు కాదు. మూడు సెకన్లు ఆగితే జవాబులు పొడవయ్యాయి, మామూలుగా మాట్లాడని పిల్లలూ మాట్లాడటం మొదలుపెట్టారు. అన్నకి ఇది చెప్పి, అడిగాక లోపల అయిదు దాకా లెక్కపెట్టమన్నాను. వీడియో కాల్‌లో అయిదు సెకన్ల నిశ్శబ్దం మాటకారికి నరకం, అది నేను ఒప్పుకుంటాను. ఆయన మైక్ మ్యూట్ చేసుకుని నీళ్లు తాగేవాడు. గ్లాసు దించేలోపు ఎవరో ఒకరు మాట్లాడేవాళ్లు.

దీనికి తోడు రెండు పనులు. చర్చించే ప్రశ్నలు ముందురోజు సాయంత్రమే పంపాలి. "మైగ్రేషన్ ప్లాన్ చర్చ" అని విషయం పేరు రాస్తే చాలదు, "ఏ వారాంతం మారదాం? అడ్డొచ్చేవి ఏంటి?" అని ప్రశ్నలే రాయాలి. తర్వాత, ఐడియాలు కావాల్సిన మీటింగ్ అయితే మొదటి అయిదు నిమిషాలు ఎవరూ మాట్లాడకుండా షేర్డ్ డాక్యుమెంట్‌లో రాయాలి, ఆ తర్వాతే చర్చ. గుంపుగా కూర్చుని ఐడియాలు చెప్పుకునే దానికన్నా అంతేమంది విడివిడిగా రాసి కలిపితే ఎక్కువ ఐడియాలు వస్తాయని 1987లో డీల్, ష్ట్రోబె చూపించారు. వాళ్లు చెప్పిన పెద్ద కారణం సిగ్గు కాదు, ఒకరు మాట్లాడుతుంటే మిగతావాళ్లు వంతుకోసం ఆగాల్సి రావడం. అంటే ఇది మితభాషులకి చేసే ఉపకారం ఏం కాదు, మాటకారుల ఐడియాలూ పెరుగుతాయి.

చేయకూడనిది ఒకటుంది. అందరి ముందూ హఠాత్తుగా, "మేడమ్ గారు సైలెంట్‌గా ఉన్నారు, మీరేమంటారు?" అని పేరు పెట్టి పిలవడం. మంచి మనసుతోనే పిలుస్తారు, నాకైతే ఆ క్షణంలో ఉన్న ఆలోచన కూడా ఎగిరిపోతుంది. పిలవాలంటే రెండు నిమిషాల ముందు చాట్‌లో "నెక్స్ట్ నిన్ను అడుగుతా" అని ఒక ముక్క వేయండి.

ఆరో మెట్టు: డెస్క్ దగ్గరికి రావడం

ఇది తొందరగా చెప్పేస్తాను, కొట్లాడుకునేంత లోతు లేదు దీంట్లో. పొద్దున్న పది నుంచి పన్నెండున్నర దాకా నా దగ్గరికి ఎవరూ రాకూడదు, హెడ్‌ఫోన్స్ పెట్టుకుంటాను. పన్నెండున్నరకీ నాలుగున్నరకీ పావుగంట చొప్పున అన్నతో మాట్లాడతాను, చెప్పడానికి ఏం లేకపోయినా సరే. కొంప మునిగితే రెండుసార్లు ఫోన్ చేయాలి, రెండోసారి ఎత్తుతాను. "కొంప మునగడం" అంటే ఏంటో కూడా ముందే అనుకోవాలి. మాకు అది క్లయింట్ లైన్‌లో ఉండి జవాబు కోసం ఆగడం, లేదా నడుస్తున్న జాబ్ ఆగిపోవడం, ఈ రెండే.

ఆ పావుగంటలు ఎగ్గొట్టకండి. మితభాషికి పని సాఫీగా సాగుతున్న రోజున "ఈరోజు వద్దులే" అనిపిస్తుంది. మాటకారికి ఆ పావుగంట దొరుకుతుందన్న నమ్మకం ఉంటేనే పదిన్నరకి రాకుండా ఆగగలడు.

ఏడో మెట్టు: రాత్రి మెయిల్

నా వైపు తప్పు ఎక్కువున్న చోటు ఇదే. రాసేటప్పుడు మన గొంతు మనకి వినిపిస్తుంది, అందుకే చదివేవాళ్లకీ వినిపిస్తుందనుకుంటాం. 2005లో క్రూగర్, ఎప్లీ, మరో ఇద్దరు కలిసి చేసిన ప్రయోగాల్లో, వెటకారమా సీరియస్సా అన్నది మెయిల్‌లో చదివేవాళ్లు పట్టేస్తారని రాసినవాళ్లు గట్టిగా నమ్మారు, చదివినవాళ్లు మాత్రం బొమ్మా బొరుసా వేసినట్టే చెప్పగలిగారు. నా పద్నాలుగు పాయింట్ల మెయిల్‌లో నాకు వినిపించింది కంగారు. అన్నకి వినిపించింది నింద.

మేం పెట్టుకున్న పద్ధతి: రాత్రి రాయొచ్చు, పంపకూడదు. అభ్యంతరం చెప్పే మెయిల్ ముందు ఆ మనిషి ఒక్కడికే వెళ్లాలి, అదీ ఒక్క పాయింట్‌తో, మిగతా పదమూడూ ట్రాకర్‌లో పెట్టి లింక్ ఇవ్వాలి. పైవాళ్లని కాపీలో పెట్టాలంటే ముందు నోటితో చెప్పాలి, "మేనేజర్‌ని కూడా పెడుతున్నా, తేదీ మార్చే అధికారం ఆయనదే కాబట్టి" అని. అదే రాత్రి నేను ఇలా రాసి ఉండాల్సింది: "అన్నా, ఆ వారాంతం తర్వాత రెండు రోజులకే క్వార్టర్ బ్యాచ్ ఉంది. సగం చెల్లించిన క్లెయిమ్‌లు అప్పటికి రాకపోతే వాళ్ల లెక్క తప్పుతుంది. మీటింగ్‌లో తట్టలేదు, ఇప్పుడు తట్టింది. పొద్దున్న పదింటికి పది నిమిషాలు కూర్చుందామా?" తప్పు నా వైపు ఉన్న ముక్క, మీటింగ్‌లో తట్టలేదన్నది, దాచకుండా రాయాలి. లేకపోతే "అప్పుడెందుకు చెప్పలేదు" అన్న ప్రశ్న దగ్గరే పొద్దంతా గడిచిపోతుంది.

ఎనిమిదో మెట్టు: పేరు ఎవరిది

దీని గురించి ఎవరూ పైకి అనరు, లోపల మాత్రం అందరికీ ఉంటుంది. క్లయింట్‌తో రోజూ మాట్లాడేది అన్న. కాబట్టి మొత్తం పని అన్న చేసినట్టే కనిపిస్తుంది, అప్రైజల్ టైమ్‌లో అది డబ్బు రూపంలో కనిపిస్తుంది. అన్న కావాలని చేసింది కాదు, "మేం చేశాం" అనే అనేవాడు, కానీ "మేం" అన్నప్పుడు స్క్రీన్ మీద ఉన్న మొహం ఒకటే.

డెమోని ముక్కలు చేసుకున్నాం. కథంతా అన్న చెప్తాడు, సగం చెల్లించిన క్లెయిమ్‌ల రూల్ ఎలా పనిచేస్తుందో ఆరు నిమిషాలు నేను చెప్తాను, ప్రశ్నలు వస్తే ముందు అన్న అందుకుని, డేటా సంగతైతే నాకు అందిస్తాడు. ఆరు నిమిషాలకి నేను ఇంట్లో రెండుసార్లు ప్రాక్టీస్ చేశాను, సిగ్గేం లేదు. వారం రిపోర్ట్‌లో "స్క్రిప్ట్ పూర్తయింది" అనకుండా ఎవరు రాశారో పేరుతో రాశాం. అలాగే అన్న నలుగురితో మాట్లాడి రాబట్టిన రూల్స్‌కి ఆయన పేరు. ఇది నాకు ఆలస్యంగా తట్టింది: నేను "వాగుడు" అనుకున్న ఆ ఫోన్ కాల్స్‌లోంచే ఏ డాక్యుమెంట్‌లోనూ లేని రూల్స్ వచ్చాయి. పాత సిస్టమ్‌లో మూసేసిన క్లెయిమ్‌ని మళ్లీ తెరిస్తే తేదీ మారిపోతుందని క్లయింట్ దగ్గరి ఒక పెద్దావిడ కబుర్లలో చెప్పింది. నేను ఆ టేబుల్‌ని రెండు రోజులు చూసినా పట్టలేకపోయేదాన్ని.

పనిచేస్తోందని ఎలా తెలుస్తుంది, ఎక్కడ ఆగిపోతుంది

మూడో వారానికి చూడండి. "అది ఊరికే అన్నా కదా", "నేను ఒప్పుకోలేదు కదా" అనే రెండు వాక్యాలు ఎన్నిసార్లు వినిపించాయో లెక్కపెట్టండి. మాకు వారానికి నాలుగైదు నుంచి ఒకటికి వచ్చింది. తిరగరాసిన పని గంటలు తగ్గాయా అన్నది ఇంకో గుర్తు. స్నేహం పెరిగిందా అన్నది గుర్తు కాదు, అది పెరిగితే పెరుగుతుంది.

ముద్రల పద్ధతి ఇద్దరు ముగ్గురి మధ్య బాగా నడుస్తుంది, పదిమంది టీమ్‌లో "ఊరికే" అన్నది ఎవరో ఒకరు వినరు, అక్కడ ట్రాకర్ ఒక్కటే దిక్కు. ప్రొడక్షన్‌లో ఏదో పగిలి అర్ధరాత్రి కూర్చున్నప్పుడు గడువులు, అయిదు సెకన్లు ఏవీ ఉండవు, ఆ రాత్రికి ఎవరు చెప్తే అదే అని ముందే అనుకోండి. రాత్రి ఎనిమిదిన్నర కాల్స్ వారంలో నాలుగు ఉంటే మితభాషి గురువారానికి ఎంత మంచి పద్ధతికీ పలకదు. మేం రెండు కాల్స్ అన్న ఒక్కడే వెళ్లేలా మార్చుకున్నాం, పొద్దున్నకి నాలుగు లైన్ల వాయిస్ నోట్ పెట్టేవాడు. నాలుగు లైన్లు అన్నది నా ఆశ, ఏడు నిమిషాలు వచ్చేది, నేను రెట్టింపు వేగంలో వినేదాన్ని.

ఇంతకీ ఆ తేదీ. ట్రాకర్‌లో "ప్ర: అక్టోబర్ రెండో వారాంతం" అని అన్నే రాశాడు, కింద "శుక్రవారం నాలుగింటికి చెప్పు" అని. నేను మూడుంపావుకే ఖా పెట్టాను.